ఉయ్యాల కింద ఇసుక: ఎంత మేర, ఎంత లోతు, ఎన్ని ట్రాక్టర్లు

బడి ఆవరణలోనో, ఊరి పార్కులోనో పిల్లల కోసం ఉయ్యాల నిలబెట్టేటప్పుడు ఇసుక సంగతి చివరకు మిగులుతుంది. స్తంభాలు పాతి, గొలుసులు తగిలించి, రంగు వేశాక, పక్కన ఏదో కట్టుబడికి తెచ్చిన ఇసుకలో నుంచి రెండు ట్రాక్టర్లు తెచ్చి సీట్ల కింద కుప్పపోసి చదును చేస్తారు. అది చూడడానికి బాగానే ఉంటుంది గాని, పడిన బిడ్డను కాపాడే పని చేయదు. ఉయ్యాల కింద ఇసుక ఎంత మేర పరచాలి, ఎంత లోతు ఉండాలి, దానికి ఎంత తెప్పించాలి అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఉయ్యాల ఎత్తులోనే ఉంది. అందువల్ల ఈ లెక్క స్తంభాలు పాతకముందే చేయాలి. కావలి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో మేము చేసిన పనిని ఉదాహరణగా తీసుకుని, ఆ లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి పని: వేలాడే బిందువు ఎత్తు కొలవండి

గొలుసు పైకమ్మీకి తగిలే కొక్కెం దగ్గర నుంచి, కింద పరచబోయే ఇసుక పైమట్టం దాకా నిలువుగా ఎంత దూరం ఉందో కొలవాలి. దీనిని వేలాడే బిందువు ఎత్తు అందాం. మిగతా కొలతలన్నీ దీని మీదనే ఆధారపడతాయి. కొలవవలసింది ఇసుక మట్టం నుంచి గాని, తవ్విన గుంట అడుగు నుంచి కాదు. కాంక్రీటు దిమ్మె మీద నుంచి అసలే కాదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఏడాది తిరిగేసరికి ఇసుక 15 సెంటీమీటర్లు తగ్గిపోతే వేలాడే బిందువు ఎత్తు అంత మేరకు పెరిగినట్టే, దానితో పాటు బిడ్డ పడే అవకాశం ఉన్న మేర, అంటే పడే హద్దు కూడా పెరిగినట్టే.

మా పాఠశాలకు వచ్చిన ఫ్రేములో, నేలలో పాతే భాగం కాక, వేలాడే బిందువు ఎత్తు 2.4 మీటర్లు. రెండు సీట్లు, రెండు చివరలా కాళ్లు, కాళ్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు 3.2 మీటర్లు. ఈ చివరి కాళ్లకూ ఆ చివరి కాళ్లకూ మధ్య ఉన్న ఒకే అరలో రెండు సీట్లకు మించి పెట్టకూడదు. సీటుకూ సీటుకూ మధ్య కనీసం 61 సెంటీమీటర్లు, సీటుకూ పక్క కాలికీ మధ్య కనీసం 76 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మా ఫ్రేములో ఈ ఖాళీలు సరిపోయాయి. ఎత్తు మాత్రం సరిపోలేదు. ఎందుకో తరువాతి లెక్కలో తెలుస్తుంది.

రెండో పని: పడే హద్దును నేల మీద గీయండి

అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం ఆటస్థలాల కోసం ప్రచురించిన కరదీపికలో ముందుకూ వెనక్కూ ఊగే ఉయ్యాలకు ఒక సులువైన సూత్రం ఉంది. వేలాడే బిందువు నుంచి ఒక తూకపు గుండు వేలాడదీసి, అది నేలను తాకిన చోట గుర్తు పెట్టాలి. ఆ గుర్తు నుంచి ముందు వైపుకు వేలాడే బిందువు ఎత్తుకు రెండింతలు, వెనుక వైపుకు మళ్లీ రెండింతలు కొలవాలి. పక్కలకు మాత్రం కాళ్ల బయటి అంచు నుంచి 1.83 మీటర్లు, అంటే 6 అడుగులు చాలు. పక్క హద్దును, ఆనుకుని నిలబెట్టిన మరో ఉయ్యాల ఫ్రేము హద్దుతో కలుపుకోవచ్చు. ముందు వెనుకల హద్దులోకి మాత్రం జారుడుబల్ల గాని, గోడ గాని, చెట్టు గాని, మరో ఉయ్యాల హద్దు గాని రాకూడదు.

ముందూ వెనుకలకు ఇంత దూరం ఎందుకంటే, ఉయ్యాల మీద నుంచి బిడ్డ సీటు కిందకే పడడు. ఊపు మీద ఉండగా చేయి జారినా, కావాలని దూకినా, ఆ ఊపుతో ముందుకో వెనక్కో ఎగిరి దూరంగా పడతాడు. సీటు కింద మాత్రమే ఇసుక పోసిన చోట, పడిన బిడ్డ తల తగిలేది ఇసుక అంచు దాటాక ఉన్న గట్టి నేలకు.

మా పాఠశాలలో వరండా మెట్లకూ ప్రహరీ గోడకూ మధ్య 9 మీటర్ల చోటు మాత్రమే ఉంది. 2.4 మీటర్ల ఎత్తుకు ముందు 4.8, వెనుక 4.8 కలిపి 9.6 మీటర్లు కావాలి. అది పట్టదు. ఇలాంటప్పుడు చాలామంది గోడ వైపు ఒక మీటరు తగ్గిస్తే ఏమవుతుందిలే అంటారు. అలా తగ్గించవద్దు, హద్దుకు బదులు ఎత్తు తగ్గించండి. వేలాడే బిందువును 10 సెంటీమీటర్లు దించితే ముందు 20, వెనుక 20, మొత్తం 40 సెంటీమీటర్ల చోటు మిగులుతుంది. మేము వెల్డింగు షాపులో కాళ్లను కోయించి ఎత్తును 2.1 మీటర్లకు దించాము, గొలుసులను కూడా తదనుగుణంగా కురచ చేయించాము. అప్పుడు ముందు 4.2, వెనుక 4.2 కలిపి 8.4 మీటర్లు వచ్చింది. పక్కలకు 1.83కు బదులు 1.85 తీసుకుంటే వెడల్పు 3.2 కు 3.7 కలిపి 6.9 మీటర్లు. వైశాల్యం 8.4 ను 6.9 తో గుణిస్తే సుమారు 58 చదరపు మీటర్లు. ఈ దీర్ఘచతురస్రాన్ని సున్నంతో నేల మీద గీసి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి చూసుకోండి. గుంట చుట్టూ కట్టే అంచు ఈ గీతకు బయట రావాలి, లోపల కాదు. పాఠశాలలో మిగిలిన 60 సెంటీమీటర్లు సరిగ్గా అందుకే ఉపయోగపడ్డాయి.

అంగన్‌వాడీ పిల్లలకు వేసే, చుట్టూ కాపు ఉన్న బకెట్ సీటుకు లెక్క కొంచెం వేరు. అక్కడ రెండింతలు తీసుకోవలసింది వేలాడే బిందువు నుంచి బిడ్డ కూర్చునే మట్టం దాకా ఉన్న దూరాన్ని. ఆ సీటును పెద్దపిల్లల సీటుతో ఒకే అరలో కలపకండి.

మూడో పని: లోతు నిర్ణయించండి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పైన చెప్పిన అమెరికా కరదీపిక, ఉయ్యాల మీద నుంచి పడే ఎత్తును వేలాడే బిందువు ఎత్తుతో సమానంగా లెక్కిస్తుంది. అదే కరదీపిక, అణగిన 23 సెంటీమీటర్ల ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడేదానికి మాత్రమే సరిపోతుందని చెబుతుంది. అంటే ఆ లెక్కన 2.1 మీటర్ల, అంటే సుమారు 7 అడుగుల మా ఉయ్యాలకు ఇసుక సరిపోదు; చెక్క ముక్కలో, రబ్బరు తునకలో వాడాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1176 మరో రకంగా లెక్కిస్తుంది. గొలుసు నిలువు నుంచి 60 డిగ్రీలు పైకి లేచినప్పుడు సీటు ఎంత ఎత్తులో ఉంటుందో అదే పడే ఎత్తు. దానిని కనుక్కోవడం సులువు: గొలుసు పొడవులో సగానికి, ఆగి ఉన్న సీటు ఎత్తును కలపాలి. మా ఉయ్యాలలో ఆగి ఉన్న సీటు ఇసుకకు 40 సెంటీమీటర్ల పైన ఉంది, గొలుసు పొడవు 1.7 మీటర్లు. 0.85 కు 0.40 కలిపితే పడే ఎత్తు 1.25 మీటర్లు. ఈ ప్రమాణం ప్రకారం 2 మీటర్ల ఎత్తు దాకా 20 సెంటీమీటర్ల ఇసుక, 3 మీటర్ల దాకా 30 సెంటీమీటర్ల ఇసుక ఉండాలి. పిల్లల కాళ్ల కింద ఇసుక చెదిరిపోతుంది గనుక రెండింటికీ అదనంగా మరో 10 సెంటీమీటర్లు వేయాలి. ఇందులో చెప్పే ఇసుక కడిగినది, మట్టి లేనిది, రేణువు 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది.

రెండు లెక్కలూ ముందు పెట్టుకుని మేము ఇలా నిర్ణయించుకున్నాము: హద్దు విషయంలో అమెరికా లెక్కనే పాటించాలి, ఎందుకంటే అది ఎక్కువ దూరం అడుగుతుంది. లోతు విషయంలో ఐరోపా లెక్క 30 సెంటీమీటర్లు చాలన్నా, 40 సెంటీమీటర్లు వేయాలి. వేలాడే బిందువు 2.1 మీటర్లకు మించిన ఉయ్యాలను ఇసుక మీద నిలబెట్టవద్దన్నది నా అభిప్రాయం. అంతకంటే ఎత్తు తప్పదంటే రబ్బరు తునకల పరుపుకు డబ్బు సమకూర్చుకోండి.

ఇసుక బిడ్డను ఎలా కాపాడుతుందో తెలిస్తే ఏ ఇసుక తేవాలో తెలుస్తుంది. పడిన దేహం కింద రేణువులు పక్కలకు దొర్లి తప్పుకుంటాయి, దానివల్ల దేహం ఒక్కసారిగా కాకుండా కొంత దిగి ఆగుతుంది. రేణువులు దొర్లాలంటే గుండ్రంగా ఉండాలి, వాటి మధ్య సందులు ఖాళీగా ఉండాలి. చీమకుర్తి వైపు గ్రానైటు క్రషర్ల దగ్గర చవకగా దొరికే డస్టు, రోబో శాండు అందుకే పనికిరావు. వాటి రేణువులు కోసుగా ఉండి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, పొడి సందులను నింపేస్తుంది, నాలుగు వానలకు రోడ్డులా గట్టిపడుతుంది. సముద్రతీరం నుంచి తెచ్చే ఇసుక మరీ సన్నం. గాలికి లేచిపోతుంది, అందులోని ఉప్పు కొక్కేలను తినేస్తుంది, పైగా తీర ప్రాంతంలో ఇసుక తవ్వడం నిషిద్ధం. పెన్నా ఇసుకను 2.36 మిల్లీమీటర్ల జల్లెడతో పట్టి గులకరాళ్లు తీసేసి వాడితే సరిపోతుంది.

ఇసుక దించుకునే ముందు ఒక పరీక్ష చేయండి. తెల్లని గాజు సీసాలో 10 సెంటీమీటర్ల మేర ఇసుక పోసి, పైన నీళ్లు నింపి, చెంచాడు ఉప్పు వేసి బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండ్రు పొరగా తేరుకుంటుంది. ఆ పొర 3 మిల్లీమీటర్లు దాటితే ఆ ట్రాక్టరును వెనక్కి పంపండి. ఇల్లు కట్టడానికి పనికివచ్చే ఇసుక కూడా ఈ పరీక్షలో నిలవకపోవచ్చు, అందుకు అమ్మేవారిని తప్పుపట్టనవసరం లేదు.

నాలుగో పని: ఎంత ఇసుక తెప్పించాలో లెక్కించండి

అణగిన తరువాత కావలసినది 58 చదరపు మీటర్ల మీద 0.40 మీటర్లు, అంటే 23.2 ఘనపు మీటర్లు. ఇంతే తెప్పిస్తే తక్కువ పడుతుంది. తేమగా ఉన్న ఇసుక ఉబ్బి ఉంటుంది, రేణువుల చుట్టూ పట్టిన నీటిపొర వాటిని దూరం జరుపుతుంది. ట్రాక్టరులో నిండుగా కనిపించిన ఇసుక ఆరి, తొక్కుడుపడి అణిగేసరికి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. కనుక 23.2 ను 0.75 తో భాగించాలి. అది సుమారు 31 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 1,095 ఘనపు అడుగులు. మన వైపు ఇసుకను 100 ఘనపు అడుగుల యూనిట్ల లెక్కన అడుగుతారు గనుక 11 యూనిట్లు కావాలి.

ట్రాక్టరు లెక్కన కొంటే మాటను నమ్మక తొట్టిని కొలవండి. మాకు వచ్చిన తొట్టి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇసుక అందులో అడుగున్నర ఎత్తు ఉంది. అంటే 90 ఘనపు అడుగులు. 1,095 ను 90 తో భాగిస్తే 12 దాటింది, కాబట్టి 13 ట్రిప్పులు అడిగాము. టన్నుల లెక్కన కొంటే ఉబ్బుతో పని లేదు. అణగిన ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు, 23.2 ఘనపు మీటర్లకు 37 టన్నులు, తేమ బరువు కోసం మరో రెండు కలిపి 39 టన్నులు. ఈ రెండు లెక్కలూ కలవకపోతే ఎక్కడో కొలత తప్పిందని గ్రహించి మళ్లీ చూసుకోండి.

ఐదో పని: గుంట తవ్వి, నీటికి దారి చేసి, ఇసుక పోయండి

కావలి, కందుకూరు ప్రాంతాల్లో చాలాచోట్ల కింద నల్లరేగడి ఉంటుంది. అందులో గుంట తవ్వి ఇసుక నింపితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలకు అది తొట్టిలా నీళ్లు పట్టేస్తుంది. నీళ్లు నిలిచిన ఇసుక, తరువాత ఆరేటప్పుడు గట్టిగా బిగుసుకుంటుంది. అందువల్ల గుంటను 50 సెంటీమీటర్ల లోతు తవ్వి, అడుగును పల్లం వైపు వాలుగా చేసి, 10 సెంటీమీటర్ల మందాన 20 మిల్లీమీటర్ల కంకర పరచాలి. 58 చదరపు మీటర్లకు ఇది సుమారు 2 యూనిట్లు. పల్లం మూల నుంచి చిల్లుల పైపు ఒకటి ఆవరణ బయటి కాలువకు వేయాలి. కంకర మీద, నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. దాని బదులు గోనె పట్టాలు వేస్తే ఒకటి రెండు వానాకాలాలకు చీకిపోయి కంకర ఇసుకలోకి కలుస్తుంది.

కాళ్ల కాంక్రీటు దిమ్మెల పైభాగం కంకర మట్టానికి దిగువన ఉండాలి, అంటే ఇసుక పైమట్టానికి 50 సెంటీమీటర్ల కింద. కాళ్లు కోయించేటప్పుడే ఈ పొడవును కలుపుకోవాలి: ఇసుక పైన 2.1 మీటర్లు, కింద 0.5, దిమ్మెలోకి దిగేది వేరే. ఇసుకలో నుంచి దిమ్మె మూల తలెత్తిన ఉయ్యాలలను నేను చాలా చూశాను. ఆ మూల మీద పడిన బిడ్డకు చుట్టూ ఉన్న ఇసుక ఏ ఉపయోగమూ చేయదు.

నేల పల్లంగా ఉండి 50 సెంటీమీటర్లు తవ్వితే నీరు బయటికి పోయే దారి లేకుంటే, 25 తవ్వి, అంచును 30 లేపండి. అప్పుడు ఇసుక మట్టం పాత నేలకంటే పైకి వస్తుంది గనుక కాళ్ల పొడవును ఆ మట్టం నుంచే కొలవాలి.

ఇసుకను ఒక్కసారిగా పోయకండి. మూడింట రెండు వంతులు పోసి, పైపుతో బాగా తడిపి, రెండు రోజులు ఆగి, మిగిలినది పోయండి. నీరే దానిని అణచుతుంది. రోలరు గాని దిమ్మిస గాని వాడితే మనం కోరుకునే మెత్తదనం పోతుంది. పై మట్టం అంచుకంటే 5 సెంటీమీటర్లు దిగువన ఉండేలా సరిచేసి, నాలుగు కాళ్ల మీదా ఆ మట్టం దగ్గర ఎర్రరంగుతో గీత గీయండి. ఇసుక తగ్గిందో లేదో ఎవరికైనా ఆ గీతే చెబుతుంది.

ఆరో పని: లోతును పలుచబడే చోట కొలవండి

ఆరు నెలల తరువాత నేను ఆ పాఠశాలకు వెళ్లి, సెంటీమీటర్ల గీతలు గీసిన 8 మిల్లీమీటర్ల ఇనుప ఊచతో కొలిచాను. ఊచ కంకరను తాకగానే ఆగుతుంది, గుడ్డ చిరగకుండా మెల్లగా దింపాలి. అంచుల దగ్గర 42, సీటుకు 3 మీటర్ల ముందు 37 సెంటీమీటర్లు ఉంది. సీట్ల కింద మాత్రం ఒకచోట 19, మరోచోట 22. ఇసుక ఎక్కడికీ పోలేదు. ఆగడానికి, ఊపు అందుకోవడానికి పిల్లలు కాళ్లతో నేలను తన్నే చోట గుంటపడి, ఆ ఇసుకంతా మీటరు అవతల ముందూ వెనుకా గట్టులా పేరుకుంది. కాళ్ల మీది ఎర్రగీత దగ్గర మట్టం సరిగానే కనిపించింది, ఎందుకంటే గీత ఉన్నది కాళ్ల దగ్గర, గుంట ఉన్నది సీట్ల కింద. గీత ఒక్కటే చాలదని ఆ రోజు నాకు అర్థమైంది.

మొత్తం ఇసుకను సగటు చేసి చూస్తే లోటు లేదు. అయినా ఊగడం మొదలుపెట్టే చిన్నపిల్లలు, సీటెక్కుతూ జారేవారు పడేది ఆ 19 సెంటీమీటర్ల చోటనే. కనుక వారానికి ఒకసారి ఇనుప పళ్లున్న రేక్‌తో గట్టును గుంటలోకి లాగి, పై అడుగు మందాన్ని కలబెట్టించాలి. నెలకొకసారి ఊచతో ప్రతి సీటు కింద, దానికి మీటరు ముందు, మీటరు వెనుక, 3 మీటర్ల ముందు, 3 మీటర్ల వెనుక కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. వీటిలో ఏ ఒక్క చోటైనా 30 సెంటీమీటర్ల కంటే తగ్గితే, సరిచేసే దాకా సీట్లను పైకమ్మీకి చుట్టి కట్టేయండి. రేక్‌తో లాగినా 30 రావడం లేదంటే ఇసుక నిజంగా తగ్గిందన్నమాట. అందుకోసం మొదట్లోనే ఒక యూనిట్ అదనంగా తెప్పించి, పట్టా కప్పి పక్కన ఉంచుకోవడం మంచిది.

చుట్టుపక్కల కొందరు సీట్ల కింద గుంటపడకుండా క్రషర్లలో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు పరుస్తారు. అవి చూడడానికి రబ్బరే గాని లోపల గట్టి గుడ్డ పొరలు ఉంటాయి, అంచులు చేతికి తగిలితే కోసుకుంటుంది. ఆ పని చేయకండి. పడే దెబ్బను తట్టుకునేలా పరీక్షించిన రబ్బరు చాపలు వేరుగా దొరుకుతాయి. కొనగలిగితే సీటు కింద అవి పరచవచ్చు.

పెద్ద వాన తరువాత మరునాడు ఉదయం వెళ్లి చూడండి. నీరు ఇంకా నిలిచి ఉంటే పైపు పూడిపోయినట్టే. పైపు బయటి మూతి దగ్గర ఒండ్రు తీయించండి. నీరు ఇంకినా, ఇసుకలోకి వేళ్లు పెట్టి నెట్టితే మణికట్టు దాకా సులువుగా దిగాలి. రెండు కణుపుల దగ్గరే ఆగితే ఇసుక బిగుసుకుంది, కలబెట్టకముందు పిల్లలను ఎక్కనివ్వకండి. రెండు మూడు సార్లు కలబెట్టినా ఒక్క వానకే మళ్లీ బిగుస్తుంటే, అందులో మట్టి చేరిందని అర్థం. సీసా పరీక్షను మళ్లీ చేసి, ఒండ్రు పొర 3 మిల్లీమీటర్లు దాటితే పై 20 సెంటీమీటర్లను తీసేసి కొత్త ఇసుక పోయించండి. 58 చదరపు మీటర్లకు అది అణగిన లెక్కన 11.6 ఘనపు మీటర్లు, ఉబ్బు కలుపుకుంటే సుమారు ఐదున్నర యూనిట్లు.